పురుగు కొరికిన సంగతి మొక్కకు తెలిసిందో లేదో తేల్చడం ఎలా?

జామ పిందె కొరికితే నాలుక మీద వగరు పట్టుకుంటుంది. ఆ వగరు టానిన్లది. జామచెట్టు దాన్ని పురుగు వచ్చాక తయారు చేసుకోదు, ముందుగానే ఆకులోనూ పిందెలోనూ నిల్వ పెట్టుకుని ఉంటుంది. టమాటా మొక్క పద్ధతి కొంత వేరు. దాని ఆకులో టొమాటిన్ అనే చేదు ఆల్కలాయిడ్ ఎప్పుడూ ఉన్నప్పటికీ, లద్దె పురుగు కొరకడం మొదలుపెట్టిన తరువాత మాత్రమే, అదీ కొరకని ఆకుల్లో సైతం, అది మరికొన్ని రక్షణ పదార్థాలను కొత్తగా తయారు చేస్తుంది. అంటే కింది ఆకులో జరిగిన సంగతి పై ఆకుకు ఎలాగో చేరుతున్నదన్నమాట. ఈ రెండు పద్ధతుల తేడాను గోదావరి డెల్టాలో ఏ పెరట్లోనైనా, పెద్ద ఖర్చు లేకుండా, మీ కళ్ళతో మీరే ఎలా చూడవచ్చో ఇక్కడ వివరిస్తాను. మొదటి పరీక్షకు ఒక పూట చాలు. రెండవదానికి విత్తనం నాటడం దగ్గర నుంచి దాదాపు ఆరు వారాలు పడుతుంది.

నిల్వ ఉన్న సరుకును చూడడం

పూర్తిగా ముదిరిన జామ ఆకులు అయిదు తీసుకుని, ముక్కలుగా తుంచి, ఒక గ్లాసు నీటిలో పది నిమిషాలు మరిగించి వడగట్టండి. అంతే బరువున్న టమాటా ఆకులతో ఇంకొక గిన్నెలో అదే విధంగా కషాయం చేయండి. మూలికలు అమ్మే అంగడిలో అన్నభేది అనే ఇనుప లవణం దొరుకుతుంది. దానిని చిటికెడు తీసుకుని అర గ్లాసు నీటిలో కరిగించండి. అది దొరకకపోతే నాలుగు తుప్పు మేకులను రెండు రోజులు వెనిగర్‌లో నానబెట్టి ఆ నీటిని వాడవచ్చు. రెండు కషాయాలలోనూ ఈ ఇనుప నీటిని కొన్ని చుక్కలు వేసి కలిపి, గాలి తగిలేలా ఒక పావుగంట ఉంచండి. జామ కషాయం సిరాలా నల్లబడుతుంది. టమాటా కషాయం కాస్త ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగి అక్కడే ఆగిపోతుంది. పూర్వం కరక్కాయనూ అన్నభేదినీ కలిపి రాతసిరా చేసుకున్నది ఈ గుణం వల్లనే.

అయితే ఈ ఒక్క పరీక్షతో టానిన్ ఉందని తేల్చివేయడం సరికాదు. ఇనుము టానిన్లతోనే గాక వాటికి దగ్గరి బంధువులైన అనేక ఫినాల్ పదార్థాలతోనూ రంగు తేలుతుంది, టమాటా కషాయంలో కనిపించిన ఆ లేత రంగు అలాంటిదే. టానిన్ అసలు లక్షణం ప్రోటీన్‌ను పట్టుకుని విరగ్గొట్టడం. అందుకని ఒక చెంచా కోడిగుడ్డు తెల్లసొనను పది చెంచాల నీటిలో చిటికెడు ఉప్పుతో కలిపి, పలుచని గుడ్డలో వడగట్టి, ఆ తేట నీటిలో చల్లారిన జామ కషాయాన్ని చుక్కలు చుక్కలుగా వేయండి. పాలు విరిగినట్లు తెల్లని తునకలు కనిపిస్తే అది టానిన్ పనే. ఉప్పు మరిచిపోతే తెల్లసొన తనంతట తానే కొంత మసకబారి మిమ్మల్ని మోసం చేస్తుంది. నాలుక మీద వగరు తోచడానికి కారణం కూడా ఇదే, లాలాజలంలోని ప్రోటీన్లను టానిన్ పట్టేయడం వల్ల నోటిలోని జారుడుతనం పోతుంది.

పురుగు కడుపులో కూడా సరిగ్గా ఇదే జరుగుతుందని చాలా పుస్తకాలు రాస్తాయి గాని, ఆ మాటను కొంత సరిదిద్దుకోవాలి. గొంగళి పురుగుల జీర్ణనాళం మధ్యభాగం చాలా జాతుల్లో గట్టి క్షారం, సబ్బునీటి కంటే ఎక్కువే ఉండవచ్చు. అంతటి క్షారంలో టానిన్ ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకోలేదు. అక్కడ అది ఆక్సీకరణకు లోనై, పేగు గోడను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది, హాని ప్రధానంగా ఆ దారిలో వస్తుంది. కాబట్టి తెల్లసొన విరగడం టానిన్ ఉనికికి సాక్ష్యమే తప్ప, పురుగు ఎలా దెబ్బతింటుందో చూపే నమూనా కాదు.

మొక్కలనూ పురుగులనూ సిద్ధం చేసుకోవడం

ఇక అసలు ప్రయోగానికి వద్దాం. డెల్టాలో వానలు తగ్గుముఖం పట్టే నవంబరులో టమాటా విత్తనాలు పాతిక దాకా కొబ్బరిపొట్టు, మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన సంచులలో మీరే నాటుకోండి. కడియం వైపు నర్సరీలు దగ్గరలోనే ఉన్నాయి కదా, నారు కొనుక్కుంటే పని తేలిక కదా అనిపించవచ్చు. ఈ ఒక్క పనికి మాత్రం కొన్న నారు పనికిరాదు, ఎందుకంటే అమ్మకానికి పెంచే నారుకు రసం పీల్చే పురుగులు రాకుండా మొక్కలోకి ఇంకే మందులు పోయడం మామూలే, అవి మొక్కలో ఉండగా మీ లద్దె పురుగు ఎందుకు ఎదగలేదో ఎవరూ చెప్పలేరు. అన్ని సంచులకూ ఒకే ఎరువు, ఒకే కొలత నీరు ఇవ్వండి. నత్రజని ఎక్కువైన మొక్క ఆకు మెత్తగా పెరిగి పురుగుకు విందవుతుంది, అందుచేత కొన్నింటికి యూరియా వేసి కొన్నింటికి మానితే ఫలితం అక్కడే చెడిపోతుంది.

పురుగుల కోసం ఆముదపు మొక్కలను వెతకండి. మిరప, పొగాకు చేల చుట్టూ ఆముదాన్ని ఎర పంటగా వేసేది లద్దె పురుగు తల్లి దాని మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది కనుకనే. ఆకు అడుగున గోధుమ రంగు నూగుతో కప్పిన గుడ్ల కుప్ప కనిపిస్తే ఆకుతో సహా కోసుకొచ్చి, గాలి ఆడే మూతగల డబ్బాలో ఉంచండి. ఒకే కుప్ప నుంచి పుట్టిన పిల్లలైతే వయసూ వంశమూ ఒకటే అవుతాయి, పోల్చడానికి అదే కావాలి. పొదిగిన తరువాత ఆరేడు రోజులు లేత ఆముదపు ఆకులు వేసి పెంచితే సుమారు ఒక సెంటీమీటరు పొడవుకు వస్తాయి. ఆముదపు ఆకులోనూ రిసినిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది, అయినా ఈ పురుగు దాన్ని లెక్కచేయదు. ఆల్కలాయిడ్ ఉన్నంత మాత్రాన ఆ మొక్కను ఏ పురుగూ ముట్టదని అనుకోకూడదని దీనిని బట్టే తెలుస్తుంది. పరీక్షకు ముందు రోజు మాత్రం వాటికి విడిగా ఉంచిన టమాటా మొక్కల ఆకులు వేయండి, లేకపోతే కొత్త మేతకు అలవాటు పడే ఆలస్యం మీ లెక్కలో కలిసిపోతుంది.

మొదటి రెండు రోజులు: కబురు పుట్టించడం

మొక్కకు అయిదు నిజమైన ఆకులు వచ్చినప్పుడు, ఒకే ఎత్తులో ఉన్న పదిహేనింటిని ఎంచుకుని అయిదేసి చొప్పున మూడు జట్లు చేయండి. మొదటి జట్టును ఎవరూ ముట్టరు. రెండవ జట్టుకు కత్తెర, మూడవ జట్టుకు పురుగు. జట్టుకూ జట్టుకూ మధ్య వీలైనంత ఎడం ఉండాలి, కనీసం పెరడు ఒక మూల నుంచి మరొక మూలకు. దీనికి గట్టి కారణం ఉంది. లద్దె పురుగు తింటున్న టమాటా ఆకు నుంచి పచ్చిగడ్డి కోసినప్పటి వాసన లాంటి ఆవిరులు వెలువడతాయి. పక్కనున్న టమాటా మొక్క ఆ ఆవిరులలో ఒకదాన్ని పీల్చుకుని, దానికి చక్కెరలు జోడించి, ఇదే లద్దె పురుగుకు హాని చేసే పదార్థంగా మార్చుకుంటుందని జపాన్ పరిశోధకులు 2014లో చూపించారు. కాబట్టి ముట్టని జట్టును దగ్గరగా పెడితే అది ముట్టనిది కాకుండా పోతుంది. కోనసీమలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది గనుక, ఆ గాలి ముందుగా ముట్టని జట్టును తాకి తరువాత మిగిలిన వాటి మీదికి పోయేలా అమర్చుకోండి.

ఉదయం ఏడు గంటల ప్రాంతంలో మూడవ జట్టు మొక్కల్లో కింది నుంచి రెండవ ఆకుకు దోమతెర గుడ్డతో చిన్న సంచి కట్టి, లోపల రెండేసి పురుగులను వదలండి. మిగిలిన రెండు జట్లలోనూ అదే ఆకుకు ఖాళీ సంచి కట్టాలి, ఎందుకంటే సంచి నీడా, చేతి తాకిడీ కూడా మొక్కను కొంత మారుస్తాయి. పురుగు ఎంత మేర తింటున్నదో చూస్తూ రెండవ జట్టు ఆకును కూడా అంత మేర కత్తెరతో కోయండి. ఒకేసారి కాక, గంటకొకసారి చిన్న చిన్న ముక్కలుగా కోయడం మేలు. పురుగు నమలడం రోజంతా ఆగకుండా సాగే పని, ఒక్క కోతతో దానికి పోలిక కుదరదు.

మర్నాడు ఉదయానికి ఆకు సగం దాకా పోయి ఉంటుంది. అప్పుడు పురుగులను తీసివేసి, సంచులు విప్పి, మొక్కలను మరొక పూర్తి పగలు ఎండలో వదిలేయండి. ఈ ఆగడం వృథా కాదు, ఆ సమయంలోనే పై ఆకుల్లో పని జరుగుతుంది. కొరికిన చోట చితికిన కణాల నుంచి గ్లుటమేట్ కారుతుంది. దానితో కాల్షియం పెరుగుదల ఒక అలలా ఈనెల వెంట పాకి నిమిషాల్లో దూరపు ఆకులకు చేరడాన్ని 2018లో ఆవాల కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద, మెరిసే ప్రోటీన్ల సాయంతో, గొంగళి పురుగు కొరుకుతుండగానే చిత్రీకరించారు. టమాటాలో దీనికి తోడు పద్దెనిమిది అమైనో ఆమ్లాల పొట్టి గొలుసైన సిస్టమిన్ అనే సంకేత పదార్థం కూడా ఉంది, దాన్ని 1991లో కనుగొన్నారు. ఈ కబుర్లన్నీ చివరకు జాస్మోనిక్ ఆమ్లం అనే మొక్క హార్మోను పెరగడానికి దారి తీస్తాయి, అది జన్యువులను మేల్కొల్పుతుంది, ఆకు కొత్త ప్రోటీన్లను పోస్తుంది. ఆ ప్రోటీన్లు పురుగు పేగులో జీర్ణం చేసే ఎంజైములకు అడ్డుపడతాయి. కబురు చేరడానికి నిమిషాలు చాలినా ప్రోటీన్లు పోగుపడడానికి ఒకటి రెండు రోజులు కావాలి. వెలుగు తక్కువైతే ఈ తయారీ మందగిస్తుంది, అందుకే మబ్బు పట్టిన రోజులలో ఈ పని పెట్టుకోకండి.

మూడవ రోజు నుంచి: తూకం

ఇప్పుడు మూడు జట్లలోనూ, దెబ్బ తగిలిన ఆకుకు వీలైనంత నిట్టనిలువుగా పైన ఉన్న ఆకును ఎంచుకోండి. కాండంలోని నాళాలు ఒక ఆకును అన్ని ఆకులతోనూ సమానంగా కలపవు. ఒకే వరుసలో ఉన్న ఆకుకు కబురు బలంగా అందితే, కాండానికి అవతలి వైపున్న ఆకుకు చాలా తక్కువ అందవచ్చు. ఎడాపెడా ఏదో ఒక ఆకు తీసుకున్న వారికి ఫలితం కనబడకపోవడానికి తరచుగా ఇదే కారణం.

ఇంతకు ముందు వాడని కొత్త పురుగులను మూడు నాలుగు గంటలు ఆకలితో ఉంచి, ఒక్కొక్కదాన్ని తూచి, ఒక్కో ఆకు మీద ఒక్కొక్కటి వదిలి సంచి కట్టండి. మిల్లీగ్రాము దాకా చూపే చిన్న త్రాసు ఉంటే మంచిది. బంగారం తూచే సాధారణ త్రాసే ఉంటే అయిదు పురుగులనూ కలిపి తూచి సగటు తీసుకోవచ్చు గాని, అప్పుడు ఒక్కో పురుగు మధ్య తేడా తెలియదు. తల పెద్దదిగా మెరుస్తూ కదలకుండా ఉన్న పురుగు కుబుసం విడవబోతున్నదని గుర్తు, అది ఎలాగూ తినదు, దాన్ని పక్కన పెట్టండి. సరిగ్గా నలభై ఎనిమిది గంటలకు మళ్ళీ తూచండి. అంతకు మించి ఉంచితే, పరీక్ష పురుగు తినడం వల్లనే ముట్టని జట్టు కూడా మేల్కొంటుంది, జట్ల మధ్య తేడా తరిగిపోతూ వస్తుంది.

లెక్క ఎలా చూడాలో చెప్పడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ప్రతి పురుగూ మొదట 20 మిల్లీగ్రాములు ఉన్నదనుకోండి. రెండు రోజుల తరువాత ముట్టని జట్టు మీది పురుగులు 64, 68, 70, 72, 76 తూగాయి, సగటు 70. పురుగు కొరికిన జట్టు మీదివి 42, 46, 50, 54, 58 తూగాయి, సగటు 50. ముట్టని జట్టులో అతి చిన్నదైన 64 కూడా పురుగు కొరికిన జట్టులో అతి పెద్దదైన 58 కంటే ఎక్కువే, అంటే రెండు వరుసలూ ఎక్కడా ఒకదానిమీద ఒకటి పడలేదు, కాబట్టి తేడా నిజమని ధైర్యంగా చెప్పవచ్చు. కత్తెర జట్టు మీదివి 48, 54, 60, 66, 72 అనుకుందాం, సగటు 60. ఇది మధ్యలో ఉన్నట్లు కనిపిస్తుంది గాని, దీని అంకెలు రెండు వైపులా కలిసిపోయాయి, కనుక అయిదు మొక్కలతో దీని గురించి ఏమీ తేల్చలేరు. మళ్ళీ పది పది మొక్కలతో చేయవలసిందే. సగటులను మాత్రమే చూసి కత్తెరకూ పురుగుకూ తేడా ఉందని ప్రకటించడం ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు.

ఆ తేడా ఉండే అవకాశం మాత్రం బాగానే ఉంది. పురుగు నోటి నుంచి ఊరే ద్రవంలో మొక్క గుర్తుపట్టే పదార్థాలు ఉంటాయి. మొక్కజొన్న మీద చేసిన పనిలో, లద్దె పురుగుకు దగ్గరి జాతి అయిన ఒక గొంగళి పురుగు నోటి ద్రవం నుంచి వొలిసిటిన్ అనే అలాంటి పదార్థాన్ని 1997లో వేరు చేశారు. అది తగిలిన మొక్కజొన్న, పురుగులలో గుడ్లు పెట్టే కందిరీగలను రప్పించే వాసనలు విడుస్తుంది. అలాగని పురుగు ఉమ్మి ఎప్పుడూ మొక్కకు మేలే చేస్తుందని కాదు, కొన్ని పురుగుల ఉమ్మిలోని ఎంజైము పొగాకులో నికోటిన్ పెరగకుండా అణచివేస్తుంది కూడా.

తప్పు ఎక్కడ జరిగిందో గుర్తుపట్టడం

మూడు జట్ల మీదా పురుగులు ఒక్క రోజులోనే చచ్చిపోతే అది మొక్క గొప్పతనం కాదు, ఎక్కడో పురుగుమందు ఉంది. మొక్క రక్షణ పదార్థాలు ఇంత వేగంగా చంపవు, ఎదుగుదలను తగ్గిస్తాయి అంతే. పక్క చేనిలో మందు కొట్టిన రోజు గాలికి తుంపర వచ్చి పడినా ఇదే జరుగుతుంది. మూడు జట్ల మీదా పురుగులు సమానంగా, అయితే మందకొడిగా పెరిగితే, మొక్కలు ముందే మేల్కొని ఉన్నాయేమో చూడండి. ఆకుల మీద పాము పాకినట్లు తెల్లని గీతలుంటే ఆకు తొలిచే పురుగు అప్పటికే పని చేసిందని అర్థం. సమానంగా, చురుకుగా పెరిగితే వెలుగు చాలలేదనో, ఆకు వరుస తప్పారనో అనుకోవాలి.

తెల్లదోమ పట్టిన మొక్క సంగతి ఇంకొక రకం. అది నమలదు, సన్నని సూదితో రసం పీలుస్తుంది, మొక్క దానికి ఎక్కువగా సాలిసిలిక్ ఆమ్లం అనే మరొక హార్మోను దారిలో బదులిస్తుంది, ఆ దారి తెరుచుకుంటే జాస్మోనిక్ ఆమ్లం దారి అణగుతుంది. టమాటాకు ఆస్పిరిన్ ఇచ్చి గాయం చేస్తే ఈ ప్రోటీన్లు తయారు కావని 1988లోనే చూపారు, ఆస్పిరిన్ సాలిసిలిక్ ఆమ్లానికి బంధువే మరి. అందుకని తెల్లదోమ గానీ, దానితో వచ్చే ఆకుముడత గానీ కనిపించిన మొక్కను ఏ జట్టులోనూ చేర్చకండి.

ఇంకొక పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఈ పురుగులు ఎక్కువ రోజులు అదే ఆకు తింటే, మొక్క అడ్డుకునే ఎంజైములను తగ్గించుకుని, అడ్డు తగలని వేరే రకం ఎంజైములను తయారు చేసుకోగలవు. కాబట్టి రెండు రోజుల్లో కనిపించిన వెనుకబాటు వారం తరువాతా అలాగే ఉంటుందని లెక్కవేసి, చేనిలో ముందుగా ఆకులు గిల్లి పంటను కాపాడుకోవచ్చునని అనుకోవద్దు.

లంక పొగాకుతో చేయాలనుకుంటే

గోదావరి లంకల్లో చుట్టలకు వేసే పొగాకు మీద ఇదే ప్రయోగం చేయవచ్చు గాని రెండు మార్పులు అవసరం. నికోటిన్ ఆకులో తయారు కాదు. ఆకు నుంచి కబురు కాండం గుండా వేరుకు దిగాలి, వేరు నికోటిన్ తయారు చేయాలి, అది నీటి నాళాల వెంట మళ్ళీ ఆకుకు ఎక్కాలి. ఈ రానుపోను ప్రయాణం వల్ల ఒక్క పగలు చాలదు, గాయం చేశాక నాలుగైదు రోజులు ఆగి పరీక్ష పురుగును వదలండి. రైతులు పూత వేళ మొక్క తల తుంచినప్పుడు ఆకు ఘాటెక్కడంలో కూడా ఈ వేరు తయారీదే పెద్ద వాటా.

రెండవ మార్పు సంచి పరిమాణం. వేర్లు కుండీ అంచుకు తగిలి చుట్టలు చుట్టుకున్న పొగాకు మొక్కలో గాయం తరువాత నికోటిన్ పెరగదని 1988లో ఒక పరిశోధన చూపింది. టమాటాకు వాడిన చిన్న సంచిలోనే పొగాకు పెంచితే, పురుగు ఎంత తిన్నా జట్ల మధ్య తేడా కనిపించక, పొగాకుకు కబురే అందదని మీరు పొరబడతారు. కనీసం అడుగు లోతున్న సంచి వాడండి, ప్రయోగం ముగిశాక ఒక మొక్కను మట్టితో సహా పెకలించి వేర్లు అంచు వెంట తిరిగి ఉన్నాయేమో చూడండి. మిగిలిన లద్దె పురుగులను చేలోకి వదలకుండా సబ్బు నీటిలో వేసి చంపండి. పొగాకు ఆకు పట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి దిగి వికారం, తలతిప్పు కలిగిస్తుంది.